ఎప్సిలాన్–డెల్టా: నిరూపణలు బట్టీ పట్టకుండా డెల్టాను మనమే కనిపెట్టడం ఎలా?

అవధుల పాఠంలో చాలామంది ఆగిపోయేది ఒక్క వాక్యం దగ్గరే. నిరూపణ "δ = min(1, ε/7) అనుకుందాం" అని మొదలవుతుంది. ఆ 7 ఎక్కడి నుంచి ఊడిపడిందో ఎవరూ చెప్పరు. నాలుగు వరుసలు తిరిగేసరికి అన్నీ చక్కగా అతికిపోతాయి. చదివేవాళ్లకు ఇక బట్టీ ఒక్కటే దారిలా కనిపిస్తుంది. తర్వాతి లెక్కలో 7 బదులు 19 కావలసి వస్తే ఆ బట్టీ కాస్తా గాల్లో కలిసిపోతుంది.

ఆ 7 ను చిత్తు కాగితం మీద, వెనక నుంచి ముందుకు లెక్కచేసి కనిపెట్టారు. తర్వాత చిత్తు పక్కన పడేసి సాఫు ప్రతి మాత్రం మనకిచ్చారు. ఆ చిత్తు ఎలా రాయాలో ఇక్కడ చూద్దాం. ఎక్కువగా x² అనే ఒక్క ప్రమేయం మీదే ఉంటాం. అది పూర్తిగా అర్థమైతే మిగతావాటిలో కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ.

## 1. ముందుగా చేతికి రావలసినవి

కలం పట్టేముందు ఈ నాలుగూ తడుముకోకుండా వస్తున్నాయో లేదో చూసుకోండి.

- |x − 3| అంటే x కూ 3 కూ మధ్య దూరం. దాన్ని "మాడ్ ఎక్స్ మైనస్ త్రీ" అని కాకుండా దూరంగానే చదవాలి.
- |x − 3| < 1 అంటే 2 < x < 4. అన్ని వైపులా 3 కలిపితే 5 < x + 3 < 7.
- |A·B| = |A|·|B|, అలాగే |A + B| ≤ |A| + |B|. రెండోది త్రిభుజ అసమానత.
- ధన సంఖ్యల భిన్నంలో హారం తగ్గితే భిన్నం పెరుగుతుంది. కాబట్టి భిన్నానికి పైహద్దు కావాలంటే హారానికి కింది హద్దు వెతకాలి.

రెండోది రాకపోతే ముందుకు వెళ్లకండి. ఎప్సిలాన్ లెక్కల్లో జరిగే తప్పుల్లో సగం అసమానతల తప్పులే అని నా అనుభవం.

## 2. నిర్వచనంలో ఎవరి వంతు ఎప్పుడో చూడండి

x విలువ a ను సమీపిస్తుంటే f(x) అవధి L అనడానికి నిర్వచనం ఇది: ప్రతి ε > 0 కీ ఒక δ > 0 ఉండాలి, 0 < |x − a| < δ అయిన ప్రతి x కీ |f(x) − L| < ε కావాలి.

దీన్ని ఇద్దరి మధ్య పందెంలా చదవండి. ఎదుటివాడు ముందు ε ఇస్తాడు. "f(x) విలువ L కి ఇంత దగ్గరలో ఉండాలి" అని వాడి పట్టు. దానికి జవాబుగా మీరు δ ఇస్తారు. "x ను a కి ఇంత దగ్గరలో ఉంచితే చాలు" అని మీ మాట. మూడో వంతు మళ్లీ వాడిది. మీరిచ్చిన దూరం లోపల వాడికి నచ్చిన x ఎంచుకుంటాడు. అక్కడ మీ మాట నిలిస్తే గెలుపు మీది.

ఈ వరుస ε, δ, x. మీరు δ చెప్పే సమయానికి x ఇంకా పుట్టలేదు. అందుకే δ లో ε ఉండొచ్చు, a ఉండొచ్చు, x మాత్రం ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే నాలుగో భాగంలో చూడబోయే పెద్ద తప్పు జరగదు.

మరి "0 <" ఎందుకు? x = a ను పందెం నుంచి తప్పించడానికి. (x² − 9)/(x − 3) ను చూడండి. x = 3 దగ్గర దానికి విలువే లేదు. మిగతా చోట్ల అది x + 3 కి సమానం, కాబట్టి 6 నుంచి దాని దూరం సరిగ్గా |x − 3|. δ = ε తీసుకుంటే పని అయిపోతుంది, అవధి 6. "0 <" రాయకపోతే x = 3 ను కూడా లోపలికి రానిచ్చినట్టే. అక్కడ వాక్యానికే అర్థం ఉండదు.

## 3. అక్షరాల కన్నా ముందు అంకెలు

x విలువ 3 ను సమీపిస్తుంటే x² అవధి 9. నిరూపణ జోలికి పోకుండా ముందు ఒక్క పందెం ఆడండి. ఎదుటివాడు ε = 1 అన్నాడనుకుందాం.

మనకు 8 < x² < 10 కావాలి. 3 దగ్గరలో ఇది √8 < x < √10, అంటే సుమారు 2.828 నుంచి 3.162 వరకు. 3 నుంచి ఎడమకు దూరం 0.172, కుడికి 0.162. δ రెండు వైపులకూ ఒకటే కాబట్టి చిన్నదాన్నే నమ్ముకోవాలి. δ = 0.16 పనిచేస్తుంది, 0.17 పనిచేయదు. x = 3.168 పెట్టి చూడండి, వర్గం 10 దాటిపోతుంది.

రెండు వైపుల దూరాలు సమానంగా లేకపోవడం గమనించారా? కుడివైపు వక్రం మరింత నిటారుగా లేస్తుంది. అందుకే అటువైపు మనకు దొరికే చోటు తక్కువ.

ఇప్పుడు ε = 0.1 తో మళ్లీ చేయండి. √8.9 సుమారు 2.9833, √9.1 సుమారు 3.0166. దూరాలు 0.0167, 0.0166. ε పదో వంతు అయ్యేసరికి δ కూడా దాదాపు పదో వంతైంది. అంటే δ ను "ε భాగించు ఏదో ఒక సంఖ్య" అన్న రూపంలో వెతకొచ్చు. 0.16 అంటే 1 లో దాదాపు ఆరో వంతు. 7 తో భాగిస్తే 0.143 వస్తుంది. అది 0.16 కన్నా చిన్నది, కాబట్టి ఇంకా భద్రం.

ఒక δ పనిచేస్తే అంతకన్నా చిన్న ధన సంఖ్య ఏదైనా పనిచేస్తుంది. అన్నిటికన్నా పెద్ద δ ను మీరు వెతకనక్కర్లేదు. పనిచేసేది ఒక్కటి చూపిస్తే చాలు. "మరి పుస్తకంలో 7 ఉంది, నాకు 8 వచ్చింది, తప్పా?" అని అడుగుతుంటారు. తప్పు కాదు.

## 4. చిత్తు పని: వెనక నుంచి ముందుకు

చిత్తు ఎప్పుడూ మనకు కావలసిన చివరి అసమానతతో మొదలవుతుంది.

మెట్టు 1. |f(x) − L| రాసి, అందులోంచి |x − a| ను బయటికి లాగండి.

```
|x² − 9| = |x − 3| · |x + 3|
```

|x − 3| మన అదుపులో ఉంది, δ తో దాన్ని ఎంతైనా నొక్కిపెట్టగలం. |x + 3| మాత్రం అదుపులో లేదు. కష్టమంతా ఆ రెండో కారణాంకం దగ్గరే.

మెట్టు 2. ఇక్కడే చాలామంది "|x − 3| < ε/|x + 3| కావాలి, కాబట్టి δ = ε/|x + 3|" అని రాసేస్తారు. బీజగణితం సరైనదే, పందెం మాత్రం ఓడిపోయారు. δ లో x వచ్చింది, అది ఇంకా పుట్టని x.

దానికి మందు: |x + 3| ను ఒక స్థిర సంఖ్య కింద బంధించాలి. అందుకోసం ముందే ఒక హద్దు గీసుకుంటాం. |x − 3| < 1 అయ్యేలా చూసుకుంటామని మనకు మనమే మాట ఇచ్చుకుంటాం. అప్పుడు 2 < x < 4, దాంతో 5 < x + 3 < 7, కాబట్టి |x + 3| < 7. 7 పుట్టుక ఇదే.

మెట్టు 3. ఇప్పుడు |x² − 9| విలువ 7|x − 3| ను మించదు. ఇది ε కన్నా తక్కువ కావాలంటే |x − 3| < ε/7 చాలు.

మెట్టు 4. మనం రెండు షరతులు పెట్టుకున్నాం, |x − 3| < 1, |x − 3| < ε/7. రెండూ ఒకేసారి నిలవాలంటే δ వాటిలో చిన్నది కావాలి: δ = min(1, ε/7).

హద్దు 1 కి ప్రత్యేకత ఏమీ లేదు. 1/2 తీసుకుంటే x + 3 < 6.5 వస్తుంది, δ = min(1/2, ε/6.5) అవుతుంది. 2 తీసుకుంటే x + 3 < 8, δ = min(2, ε/8). మూడూ సరైన జవాబులే. ఒకసారి మూడింటినీ మీ చేత్తో చేసి చూడండి. బట్టీ పట్టాల్సింది ఏమీ లేదని అప్పుడు నమ్మకం కుదురుతుంది.

min ఎందుకు, ఒక్క ε/7 చాలదా? ε చిన్నదైతే చాలు, పెద్దదైతే చాలదు. ఎదుటివాడు ε = 70 అన్నాడనుకోండి. ε/7 అంటే 10. x = 12 తీసుకుంటే 3 నుంచి దూరం 9, పది లోపలే. కానీ 144 − 9 = 135, డెబ్బై దాటిపోయింది. 7 అన్న హద్దు x విలువ 2 కూ 4 కూ మధ్య ఉన్నప్పుడే నిజం. min లోని 1 ఆ మాటకు కాపలా.

## 5. సాఫు ప్రతి: ముందు నుంచి వెనక్కి

చిత్తులో δ దొరికింది కదా, ఇప్పుడు పందెం వరుసలో రాయాలి.

```
ε > 0 ఇచ్చారనుకుందాం. δ = min(1, ε/7) తీసుకుందాం. δ > 0.
0 < |x − 3| < δ అనుకుందాం.
δ ≤ 1 కాబట్టి 2 < x < 4, అందువల్ల |x + 3| < 7.
δ ≤ ε/7 కాబట్టి
|x² − 9| = |x − 3|·|x + 3| < (ε/7)·7 = ε.
```

చిత్తును యథాతథంగా సాఫులో ఎక్కిస్తే మార్కులు పోతాయి. చిత్తు "|x² − 9| < ε కావాలి" అని మొదలవుతుంది, అంటే తేల్చవలసినదాన్నే ముందు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. సాఫులో ఆ వరుస ఆఖరున రావాలి.

రాసిన తర్వాత సరిచూసుకోవలసినవి:

- మొదటి వరుసలో ε ఇచ్చినట్టు ఉందా? రెండో మాటలోనే δ వచ్చిందా?
- δ లో x ఎక్కడైనా దూరిందా?
- min లో ఎన్ని సంఖ్యలున్నాయో, నిరూపణలో "δ ≤ ..." అని అన్నిసార్లూ వాడారా? వాడనిది ఉంటే అది అనవసరం. లేదా మీరు ఒక మెట్టు మరిచిపోయారు.
- చివర < ε దగ్గరే ఆగిందా?

## 6. హారంలో x ఉంటే: ఏ హద్దు పడితే అది పనికిరాదు

x² లో హద్దు 1 కి బదులు ఏది తీసుకున్నా నడిచింది. 1/x లో నడవదు. x విలువ 1/2 ను సమీపిస్తుంటే 1/x అవధి 2 అని చూపిద్దాం.

```
|1/x − 2| = |1 − 2x|/|x| = 2·|x − 1/2| · (1/|x|)
```

అదుపులో లేనిది 1/|x|. అలవాటు కొద్దీ |x − 1/2| < 1 అంటే −1/2 < x < 3/2 వస్తుంది. ఆ అంతరంలో 0 ఉంది, అక్కడ 1/x కి అర్థమే లేదు. సరే, హద్దు 1/2 కి తగ్గిద్దాం. 0 < x < 1. ఇప్పుడు 0 బయటే ఉంది కదా అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ x విలువ 0.001 కావచ్చు, అప్పుడు 1/x = 1000. x విలువ 0.000001 కావచ్చు, అప్పుడు పది లక్షలు. 0 ను తప్పించడం ఒక్కటే సరిపోదు, x కూ 0 కూ మధ్య కొంత ఖాళీ మిగలాలి.

హద్దు 1/4 తీసుకోండి. అప్పుడు x > 1/4, 1/|x| < 4, మొత్తం విలువ 8|x − 1/2| లోపు. δ = min(1/4, ε/8). ఒకసారి పరీక్షిద్దాం. ε = 0.8 అయితే δ = 0.1. x = 0.41 దగ్గర 1/x సుమారు 2.44, తేడా 0.44. ε లోపలే ఉంది.

ప్రమాదం ఉన్న చోటికి a నుంచి ఎంత దూరమో చూసి, అందులో సగాన్ని హద్దుగా పెట్టుకోవడం భద్రమైన పద్ధతి. ఇక్కడ 1/2 లో సగం 1/4 అలా వచ్చిందే.

## 7. అవధుల సిద్ధాంతాల్లోనూ ఇదే చిత్తు

మొత్తం, లబ్ధం సిద్ధాంతాల నిరూపణలు విడివిడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొత్తానికి త్రిభుజ అసమానతతో తేడా రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కను ε/2 కన్నా తక్కువ చేస్తే చాలు. రెండు δ లు వస్తాయి, చిన్నది తీసుకోవాలి.

లబ్ధం దగ్గరే విద్యార్థులు జడుస్తారు. f అవధి L, g అవధి M అయితే చిత్తు ఇలా మొదలవుతుంది:

```
fg − LM = f·(g − M) + M·(f − L)
```

మధ్యలో f·M ను ఒకసారి తీసేసి ఒకసారి కలిపాం, అంతే. మొదటి ముక్క చూడండి: చిన్నది చేయగలిగిన (g − M), దాని పక్కన అదుపులో లేని f. అచ్చంగా |x − 3|·|x + 3| లాంటిదే. అందుకని f ను బంధించాలి. f అవధి L కాబట్టి ε స్థానంలో 1 పెట్టి నిర్వచనాన్ని వాడుకుంటే, a కి దగ్గరలో |f| < |L| + 1. x² లో |x + 3| < 7 చేసిన పనే ఇది. ఆ తర్వాత |g − M| ను ε/(2(|L| + 1)) కన్నా, |f − L| ను ε/(2(|M| + 1)) కన్నా తక్కువ చేస్తే రెండు ముక్కలూ ε/2 లోపు వస్తాయి.

రెండో దాంట్లో M పక్కన +1 ఎందుకని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. M విలువ 0 కావచ్చు, అప్పుడు ε/(2|M|) లో సున్నాతో భాగించినట్టవుతుంది. +1 దాన్నుంచి కాపాడుతుంది. మొదటి +1 వేరు, అది f కి పైహద్దు. చూడ్డానికి ఒకేలా ఉన్నా రెండింటి పనీ వేరు.

## 8. అవధి లేదని చూపాలంటే వంతులు తిరగేయండి

ఇప్పుడు మీరు ఎదుటివాడి కుర్చీలో కూర్చోవాలి. ε మీరు ఎంచుకుంటారు, δ వాడిస్తాడు, ఆ δ లోపల వాడి మాట తప్పే x ను మీరు చూపించాలి. పైగా వాడు L గా ఏ సంఖ్య చెప్పినా మీరు గెలవాలి.

x = 0 దగ్గర |x|/x ను తీసుకోండి. కుడివైపు దాని విలువ 1, ఎడమవైపు −1. మీరు ε = 1 ఎంచుకోండి. వాడు ఏ δ ఇచ్చినా x = δ/2, x = −δ/2 రెండూ ఆ దూరం లోపలే ఉంటాయి. వాడి మాట నిజమైతే |1 − L| < 1, |−1 − L| < 1 రెండూ నిలవాలి. త్రిభుజ అసమానతతో 1 కూ −1 కూ మధ్య దూరం 2 కన్నా తక్కువ కావాలి. కానీ ఆ దూరం సరిగ్గా 2. L ఏదైనా ఓటమి తప్పదు.

ఇక్కడ జరిగే తప్పు, ఒక్క L ను మాత్రమే, ఉదాహరణకు 0 ను మాత్రమే, ఓడించి ఆగిపోవడం. దాంతో "అవధి 0 కాదు" అని తేలుతుంది, "అవధి లేదు" అని తేలదు.

## 9. చూడకుండా చేయాల్సిన రెండు లెక్కలు

మొదట చిత్తు, తర్వాత సాఫు. జవాబు చూసేముందు కనీసం రెండు ε విలువలతో మీ δ ను పరీక్షించండి. వాటిలో ఒకటి పెద్దది కావాలి.

x విలువ 2 ను సమీపిస్తుంటే x³ అవధి 8. |x − 2| బయటికి లాగితే మిగిలేది x² + 2x + 4. హద్దు 1 అయితే x < 3, మిగిలినది 9 + 6 + 4 = 19 లోపు. δ = min(1, ε/19). హద్దు 1/2 తీసుకున్నవారికి 19 బదులు 15.25 వస్తుంది.

x విలువ 4 ను సమీపిస్తుంటే √x అవధి 2. ఇక్కడ కారణాంకాలు కనిపించవు. |√x − 2| ను √x + 2 తో గుణించి భాగించండి. అప్పుడు |x − 4|/(√x + 2) వస్తుంది. √x ఎప్పుడూ 0 కన్నా తక్కువ కాదు కాబట్టి హారం కనీసం 2, మొత్తం |x − 4|/2 ను మించదు. δ = 2ε అని ఆగిపోవాలనిపిస్తుంది. ε = 3 పెట్టి చూడండి. δ = 6 అవుతుంది, x = −1 కూడా లోపలికి వస్తుంది, అక్కడ √x లేదు. min(4, 2ε) రాస్తే x ఎప్పుడూ ధనమే. నిర్వచనంలోనే "f ప్రదేశంలోని x" అన్న మాట కలిపి చెప్పే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో బోధించే తరగతిలో 2ε కూ పూర్తి మార్కులే పడతాయి. మీ తరగతిలో ఏ నిర్వచనం ఇచ్చారో నోట్సులో ఒకసారి చూసుకోండి.